ఆవిడ పాత బ్యాచ్ పెళ్లికి బయల్దేరే ముందు

శ్రావణం దగ్గరపడింది, శుభలేఖలు వాట్సాప్‌లో వచ్చిపడుతున్నాయి. వాటిలో ఒకటి మీ ఆవిడ ఇంజనీరింగ్ బ్యాచ్‌దై, ఒకప్పుడు ఆమె ఇష్టపడ్డ అబ్బాయి కూడా వస్తాడని తెలిస్తే ముందే మనసులోని అసూయని కాస్త సర్దుకోవాలి. మీరు భార్యైతే, మీ ఆయన పాత స్నేహాల సంగతైనా ఇంతే.

రెండేళ్ల కిందట విజయవాడ పెళ్లిలో నేను బుద్ధిగానే ఉన్నాను, అతనితో ఫొటో కూడా దిగాను. తిరుగు ప్రయాణంలో నందిగామ దాటాక మొదలుపెట్టాను. "ఎన్నాళ్లు మాట్లాడుకున్నారు?" చెప్పింది. "మొన్న రెండేళ్లన్నావు, ఇప్పుడు మూడంటావేం?" సూర్యాపేటలో టీకి ఆపితే ఆమె కారు దిగలేదు.

ప్రశ్న అడిగితే పది నిమిషాలు హాయిగా ఉంటుంది. తర్వాత ఆ జవాబులోంచే ఓ కొత్త ముక్క పట్టుకుని మనసు ఇంకో సినిమా తీస్తుంది, మళ్లీ అడగాలనిపిస్తుంది. చేతులు పదేపదే కడుక్కునేవాళ్లకి కడిగిన కాసేపే నిమ్మళంగా ఉంటుంది చూడండి, అదే చక్రం. అందుకే ఎక్కువ తెలిస్తే అనుమానం తీరుతుందనుకోవడం పొరపాటు.

వారం ముందే ఒక్కసారి కూర్చుని అడగండి: అతను వస్తున్నాడా, ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారా, నన్ను ఎలా పరిచయం చేస్తావు? ఆ రోజు మనం నడుచుకునే తీరు జవాబుని బట్టి మారేదుంటేనే అది అడగాల్సిన ప్రశ్న. "నాకన్నా బాగుండేవాడా" అన్నది అలాంటిది కాదు. ముందురోజు రాత్రి అతని ఇన్‌స్టాగ్రామ్‌లో పాత ఫొటోలు తవ్వొద్దు. చెయ్యి లాగితే ఏం చూడాలనిపించిందో కాగితం మీద రాసి, తెల్లారాక చూద్దామనుకోండి. చాలాసార్లు అప్పటికి ఆ దురద తగ్గి ఉంటుంది.

మండపంలో కాపలాదారులా వెంట తిరగొద్దు. మేం ఒక గుర్తు పెట్టుకున్నాం: నాకు ఉక్కిరిబిక్కిరైతే "వక్కపొడి ఉందా?" అంటాను, ఐదు నిమిషాలు ఇద్దరం బయటికి వస్తాం. సంగీత్ రాత్రి మందు జోలికి మాత్రం పోకండి, నోరు అక్కడే జారుతుంది.

ఇంటికొచ్చి నిద్రపోయేదాకా ఆ ఊసు వద్దు. మొన్న మాఘంలో ఇంకో పెళ్లి నుంచి వస్తూ చౌటుప్పల్ దాకా ఓర్చుకున్నాను, అక్కడ ఓ ప్రశ్న జారనే జారింది. "రేపు" అంది. మర్నాటికి అదేమిటో నాకే గుర్తులేదు.

ఆమె మాట్లాడటం లేదని చెప్పి చాటుగా చాట్‌లు చెరిపేస్తుంటే సంగతి వేరు. అది మీ అసూయ కాదు, ఆ అబద్ధం గురించే సూటిగా మాట్లాడుకోవాలి. అలాగే ఆమె ఫోన్ లాక్కోవడం, లొకేషన్ ఆన్‌లో పెట్టమనడం, చెయ్యెత్తడం దాకా వస్తే ఈ చిట్కాలు చాలవు. ఏ ఆధారం లేకపోయినా అనుమానం రాయిలా కదలకపోతే, అందులోనూ రోజూ తాగేవాళ్లలో, అది జబ్బే కావచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.