వేళాకోళపు పేరు వికటించినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

కలిసి పనిచేసేవారు ఒకరినొకరు ఆటపట్టించుకోవడంలో తప్పేమీ లేదు. ఏ పరాచికం స్నేహాన్ని పెంచుతుందో, ఏది ఫిర్యాదు దాకా పోతుందో గుర్తుపట్టడమే కష్టం. ఎక్కువ ఆఫీసుల్లో కనిపించే ఒక సందర్భాన్ని తీసుకుందాం. ఒక ఉద్యోగి విభాగానికంతటికీ వచ్చిన మెయిల్‌కు జవాబు రాస్తూ, పైఅధికారికి మాత్రమే చేరవలసిన సెలవు అభ్యర్థనను పొరపాటున అందరికీ పంపించాడు. మరునాటి నుంచి అతడు అందరికీ ‘రిప్లై ఆల్ గారు’ అయ్యాడు. మొదట్లో అతడే ఆ కథను నవ్వుతూ చెప్పాడు, పేరు పెట్టిన మిత్రుడి పాత పొరపాట్లను బయటపెట్టి బదులు కూడా తీర్చుకున్నాడు. పొరపాటు చిన్నది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఇద్దరికీ సమానంగా మాట దొరికింది. అందువల్ల అప్పటికి అది మంచి హాస్యమే.

లక్షణం: అతడు నవ్వుతున్నాడు గాని, తిరిగి ఏమీ అనడం లేదు.

ఫిర్యాదుకు చాలా ముందే కనిపించే గుర్తు ఇదే, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. అతడు ఆ పేరును తానే వాడుకోవడం మానేసి ఉంటాడు, పిలిచినప్పుడు అందరికంటే ఆలస్యంగా, ముక్తసరిగా నవ్వి పనిలోకి తిరుగుతాడు. అతడు నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, ఎందుకంటే పదిమందిలో ముఖం మాడ్చుకుంటే ‘సరదా తెలియని మనిషి’ అన్న ఇంకో పేరు వస్తుందని అతడికి తెలుసు.

కారణం ఆ మాట అన్నవాడి వైపు నుంచి కనిపించదు. మనస్తత్వ పరిశోధకుడు జస్టిన్ క్రూగర్, అతని సహపరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో తేలినదేమిటంటే, ఆటపట్టించేవారికి తమ ఉద్దేశం మంచిదని తెలుసు కనుక ఎదుటివారికీ అది తెలుస్తూనే ఉందనుకుంటారు. పడేవారికి మాత్రం ఆ ఉద్దేశం అంత స్పష్టంగా అందదు, అన్న మాటే మిగులుతుంది.

పరిష్కారం: పేరు పెట్టిన వ్యక్తే ముందుగా మానుకోవాలి. ‘నీకు బాధగా ఉందా?’ అని అందరి ముందు అడగకూడదు, ఆ ప్రశ్నకు ‘అబ్బే, లేదండీ’ తప్ప వేరే జవాబు రాదు. ఇద్దరే ఉన్నప్పుడు, ‘ఆ పేరు మరీ సాగదీశాం, నేను మానేస్తున్నాను’ అని చెప్పి వేరే మాటలోకి వెళ్లాలి. క్షమించానని అతడి చేత అనిపించుకోవాలని చూడవద్దు. ఇకపై ఆ పేరును అతడే సరదాగా వాడుకుంటే అది అతడి ఇష్టం, మిగతావారికి మళ్లీ అనుమతి దొరికినట్టు కాదు.

లక్షణం: కొత్తగా చేరినవారు కూడా అదే పేరుతో పిలుస్తున్నారు.

మొదటి హాస్యానికి ఆధారం పాత స్నేహం. కొత్తవారికి ఆ స్నేహం లేదు, అతడి పని నాణ్యత కూడా తెలియదు. వారికి అతడి గురించి తెలిసిన మొదటి విషయమే ఆ పొరపాటు. కొత్తవారిని మందలించే ముందు పాతవారు తమ నోరు సరిచేసుకోవాలి, తర్వాత అతడిని అసలు పేరుతో, చేసే పనితో పరిచయం చేయాలి.

లక్షణం: పైఅధికారి సమావేశంలో ఆ పేరు వాడాడు.

అధికారి దాన్ని చనువుగానే భావిస్తాడు. కాని ఏడాది చివర పనితీరు నివేదిక రాసేవారికి సరదాగా బదులు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, పైగా ఆయన నోట వచ్చిన పేరుకు ఆఫీసు ముద్ర పడుతుంది. ఏ స్థాయి సమావేశంలో అన్నారో, అదే స్థాయి సమావేశంలో అతడిని అసలు పేరుతో పిలిచి, అతడు బాగా చేసిన పనిని ప్రస్తావించడమే తగిన దిద్దుబాటు. అధికారులు తమ పొరపాట్ల మీద తామే జోకు వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

గ్రూప్ చాట్‌లో ఈ పేరు వాడకపోవడమే మేలు. అక్కడ గొంతు వినిపించదు, ముఖం కనిపించదు, రాసింది మాత్రం చెరగదు.

లక్షణం: ఫిర్యాదు వచ్చేసింది.

‘సరదాకే అన్నాను’ అన్న సమాధానం ఇక్కడ సరిపోదు, ఎందుకంటే చాలా సంస్థల నియమాలు ఉద్దేశంతో పాటు ఎదుటివారిపై పడిన ప్రభావాన్ని కూడా చూస్తాయి. అతడిని కలిసి నచ్చజెప్పే ప్రయత్నం చేయకూడదు, అది ఒత్తిడిగా లెక్కకు వస్తుంది. పాత సందేశాలను తొలగించకూడదు. ఏ మాట, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో హెచ్ఆర్ వారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. పేరు శరీరం, మతం, పుట్టుక, లింగం, యాస, జబ్బు వంటి వాటికి సంబంధించినదైతే, అతడు మొదట్లో నవ్వాడన్న సాకు కూడా పనికిరాదు. అలాంటి పేరును మొదటి రోజే, ఎవరూ ఫిర్యాదు చేయకముందే, విన్నవారే ఆపవలసింది.