కేస్ స్టడీ రాయడం, 3వ పాఠం: లాభం ఉంది, గల్లాలో డబ్బు లేదు

ఈసారి నేరుగా చర్చా ప్రశ్నలకు వెళ్దామనుకున్నాను. పోయినసారి మీరు రాసిన కేసులు చూశాక ఆగక తప్పలేదు. చిన్న కొట్టు నగదు ఇబ్బంది గురించి రాయమంటే, చాలామంది బేరాల్లేక మూతపడుతున్న కొట్టు గురించి రాశారు. అది నష్టం, వేరే జబ్బు. దాని మీద విద్యార్థులు ‘అమ్మకాలు పెంచాలి’ అనేసి కూర్చుంటారు. మనకు కావాల్సింది అమ్మకాలు పెరుగుతున్నకొద్దీ చిక్కుల్లో పడే కొట్టు.

అంకెలు చిన్నవి తీసుకుందాం. మూడు నెలల అమ్మకాలు 100, 120, 140. సరుకు ఖరీదు అమ్మకంలో 70 శాతం, అదే నెలలో చెల్లించాలి. అద్దె, జీతాలు నెలకు 20. కాగితం మీద లాభం 10, 16, 22. మొత్తం 48. కానీ మొదటి నెల నుంచి యజమాని సగం అమ్మకాలను రెండు నెలల అరువు మీద ఇస్తున్నాడు. మొదట గల్లాలో 60 ఉంది. మొదటి నెల వచ్చింది 50, పోయింది 90, మిగిలింది 20. రెండో నెల వచ్చేది 60, పోయేది 104. అంటే 24 తక్కువ. మూడో నెల మొదటి అరువు 50 వసూలైనా లోటు 22 దగ్గరే ఉంటుంది. ఆ 48 లాభం ఎక్కడుందంటే, రావాల్సిన 130 బకాయిల్లో.

ఈ నగదు పట్టికను కేసులో వేయకండి. అమ్మకాలు, అరువు గడువు, చెల్లింపులు మాత్రం ఇచ్చి, పట్టికను విద్యార్థులనే కట్టమనండి. మీరే కట్టిచ్చాక వాళ్లు చర్చించడానికి ఏం మిగులుతుంది? కథను మొదటి నెలాఖరున, గల్లాలో 20 ఉన్నప్పుడు ఆపండి. నేనైతే యజమాని బాల్యం, ఆశయాలు ఒక్క వాక్యం కూడా రాయను.

ప్రశ్నల విషయానికొస్తే, ‘నగదు ప్రవాహం అంటే ఏమిటి?’ అన్నది పరీక్ష ప్రశ్న, చర్చకు పనికిరాదు. రెండు వైపులా నష్టం ఉన్న ప్రశ్న కావాలి. ఉదాహరణకు: రెండో నెల నుంచి కొత్త అరువు ఆపేస్తే, అరువు ఖాతాదారులంతా వెళ్లిపోయారనుకోండి. అమ్మకం 60కి పడుతుంది. సరుకుకు 42, ఖర్చులకు 20 పోగా గల్లాలో 18 నిలుస్తుంది, కానీ ఆ నెల 2 నష్టం. యజమాని ఏది ఎంచుకోవాలి? ఈ ఒక్క ప్రశ్న మీదే తరగతి గంట గడిచిపోతుంది.

అభ్యాసం: సరుకు ఇచ్చేవాడు రెండో నెల నుంచి ఒక నెల గడువిచ్చాడు. మూడో నెలాఖరుకు గల్లాలో ఎంత? నాకు 76 వచ్చింది. మీకూ అదే వస్తే, ఆ గడువుకు బదులుగా అతను ఎంత ధర పెంచితే యజమాని ఒప్పుకోకూడదో ఒక ప్రశ్నగా రాయండి.