ఎల్‌ఎన్‌ఏ పెట్టినా దూరపు విమానాలు ఎందుకు కనబడటం లేదు?

సమస్య

మేడ మీద 1090 మెగాహెర్ట్జ్ యాంటెన్నా ఉంది. అక్కడి నుంచి పది మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ కింద గదిలోకి దిగి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌కి చేరుతుంది. దగ్గర్లో ఎగిరే విమానాలు తమ స్థానం చెబుతూ పంపే ఏడీఎస్-బీ సందేశాలు బాగానే అందుతున్నాయి కానీ దూరపువి రావడం లేదు. సిగ్నల్ బలహీనంగా ఉందనుకుని ఎల్‌ఎన్‌ఏ, అంటే తన నాయిస్ తక్కువగా కలుపుతూ సిగ్నల్ పెంచే యాంప్లిఫైయర్, 20 డీబీ గెయిన్, 1 డీబీ నాయిస్ ఫిగర్ ఉన్నది ఒకటి కొని, చేతికి అందుతుంది కదా అని డాంగిల్ పక్కనే బిగించారు. తెర మీద సిగ్నల్ అమాంతం పైకి లేచింది. కింద ఉన్న నాయిస్ ఫ్లోర్ కూడా దాని వెంటే లేచింది. మ్యాప్ మీద విమానాలు కాసిన్ని పెరిగాయంతే, పెట్టిన డబ్బుకు తగ్గట్టు మాత్రం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ఎల్‌ఎన్‌ఏ నకిలీదని తేల్చేస్తారు. నకిలీవి ఉన్నమాట నిజమే. కానీ ఎక్కువసార్లు తప్పు ఎల్‌ఎన్‌ఏది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

కారణం

యాంప్లిఫైయర్ తన ముందుకు వచ్చినదాన్నంతా పెంచుతుంది. అందులో సిగ్నల్ ఎంతో నాయిస్ ఎంతో దానికి తెలియదు. పైగా తన సొంత నాయిస్ కొంత కలుపుతుంది. దానివల్ల సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఎంత చెడుతుందో చెప్పేదే నాయిస్ ఫిగర్. కాబట్టి ఒకసారి చెడిన ఆ నిష్పత్తిని తర్వాత ఎంత గెయిన్ పెట్టినా బాగుచేయలేం. మొదటి స్టేజీ కలిపిన నాయిస్‌ని ఆ తర్వాతి స్టేజీలన్నీ సిగ్నల్‌తో సమానంగా పెంచుతాయి. రెండో స్టేజీ కలిపే నాయిస్ సంగతి వేరు. అప్పటికే సిగ్నల్ పెద్దదై ఉంటుంది కాబట్టి దాని ముందు ఈ నాయిస్ చిన్నదైపోతుంది. ఎంత చిన్నదంటే, మొదటి స్టేజీ గెయిన్‌తో భాగించినంత. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ ఫ్రిస్ 1944లో దీన్నే సూత్రంగా రాశారు:

```
F = F1 + (F2-1)/G1 + (F3-1)/(G1*G2)
```

ఇందులో F అంటే నాయిస్ ఫిగర్, G అంటే గెయిన్, పక్కన అంకె ఎన్నో స్టేజీయో చెబుతుంది. డీబీ విలువలు వేయకూడదు, మామూలు నిష్పత్తులే వేయాలి. 1 డీబీ అంటే 1.26, 6 డీబీ అంటే దాదాపు 4, 20 డీబీ అంటే 100.

ఇప్పుడు మన వరసలో మొదటి స్టేజీ ఏది? ఎల్‌ఎన్‌ఏ కాదు, కేబుల్! పది మీటర్ల ఆర్‌జీ-58 ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 6 డీబీ తినేస్తుంది, అంటే సిగ్నల్‌లో నాలుగో వంతే కిందికి దిగుతుంది. మరి నాయిస్ కూడా నాలుగో వంతుకు తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు. కేబుల్ కూడా గది ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువే, తగ్గించినంత నాయిస్‌ని తన వేడితో మళ్లీ పుట్టిస్తుంది. సిగ్నల్ తగ్గి నాయిస్ అలాగే ఉండటం వల్ల 6 డీబీ నష్టమున్న కేబుల్ నాయిస్ ఫిగర్ కూడా సరిగ్గా 6 డీబీయే అవుతుంది. దాని గెయిన్ 0.25. దాంతో భాగిస్తే తర్వాతి స్టేజీ నాయిస్ తగ్గకపోగా నాలుగింతలవుతుంది.

డాంగిల్ నాయిస్ ఫిగర్ 6 డీబీ అనుకుని, ఎల్‌ఎన్‌ఏ లేకుండా, కింద డాంగిల్ పక్కన, పైన యాంటెన్నా దగ్గర అని మూడు రకాలుగా లెక్కేద్దాం.

```
LNA లేకుండా    : 4 + 3/0.25               = 16    -> 12 dB
LNA కింద      : 4 + 0.26/0.25 + 3/25     = 5.16  -> 7.1 dB
LNA పైన       : 1.26 + 3/100 + 3/25      = 1.41  -> 1.5 dB
```

రెండో వరసలో 5.16కి 4 కేబుల్ ఒక్కదాని వాటాయే. ఎల్‌ఎన్‌ఏ ఎంత మంచిదైనా అక్కడ కూర్చుంటే 6 డీబీ కంటే కిందికి రాలేదు. మూడో వరసలో అదే కేబుల్ వాటా 0.03కి పడిపోయింది. వస్తువులు అవే, వరస మారిందంతే, తేడా మాత్రం 5.6 డీబీ. ఆ తేడాకి అడ్డులేని ఆకాశంలో అందే దూరం దాదాపు రెట్టింపవుతుంది, భూమి వంపు ముందే అడ్డురాకపోతే.

దూరదర్శన్ రోజుల్లో టీవీ బూస్టర్‌ని యాంటెన్నా గొట్టానికే కట్టి, దానికి కరెంటు అదే కేబుల్‌లో పంపేవాళ్లు. కారణం ఇదే.

ఇదే కారణమని ఎలా తేల్చుకోవాలి?

యాంటెన్నా తీసి దాని చోట 50 ఓమ్ టెర్మినేటర్ బిగించండి. డాంగిల్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆపేసి ఒక విలువ దగ్గర స్థిరంగా ఉంచండి, లేకపోతే నాయిస్ పెరిగినా అది సర్దేసి దాచేస్తుంది. తర్వాత ఎల్‌ఎన్‌ఏకి కరెంటు ఆపి ఒకసారి, ఇచ్చి ఒకసారి కొలవండి:

```
rtl_biast -b 0
rtl_power -f 1089M:1091M:10k -g 29.7 -i 10 -1 off.csv
rtl_biast -b 1
rtl_power -f 1089M:1091M:10k -g 29.7 -i 10 -1 on.csv
```

నాయిస్ అసలు పెరగకపోతే ఎల్‌ఎన్‌ఏకి కరెంటు అందడం లేదు, లేదా అది పాడైంది. పై లెక్క ప్రకారం ఎల్‌ఎన్‌ఏ కింద ఉంటే దాదాపు 15 డీబీ పెరగాలి, పైన ఉంటే 9 డీబీ చిల్లర. ఇక్కడే జనం బోల్తా పడతారు. నాయిస్ ఎక్కువ పెరిగింది కాబట్టి కింద ఉంటేనే బాగా పనిచేస్తోందనుకుంటారు. రెండు చోట్లా సిగ్నల్ పెరిగేది 20 డీబీయే. అందులోంచి నాయిస్ పెరుగుదల తీసేస్తే కింద మిగిలేది 5, పైన మిగిలేది 10న్నర. మనకు కావాల్సింది ఆ మిగులు.

పరిష్కారం

ఎల్‌ఎన్‌ఏని యాంటెన్నా మొదట్లోకి మార్చండి. మధ్యలో అడుగు పొడవు తీగ కూడా వద్దు, కుదిరితే కనెక్టర్‌కి కనెక్టరే బిగించండి. బయాస్-టీ ద్వారా కరెంటు కేబుల్‌లోనే పైకి వెళ్తుంది. నీళ్లు దిగకుండా డబ్బాలో పెట్టి, కేబుల్ కింది వైపు నుంచి బయటికి తీయండి.

తర్వాత డాంగిల్ గెయిన్ తగ్గించి చూడండి. గెయిన్ తగ్గిస్తే డాంగిల్ నాయిస్ ఫిగర్ చెడుతుందన్న భయం అక్కర్లేదు. అది 6 నుంచి 10 డీబీకి చెడినా మొత్తం 1.5 నుంచి 2.2కే వెళ్తుంది. బదులుగా బలమైన సిగ్నళ్లకు డాంగిల్ ఉక్కిరిబిక్కిరి కాకుండా ఉంటుంది.

పైన పెట్టాక విమానాలు ఇంకా తగ్గితే

అప్పుడు గొడవ నాయిస్‌ది కాదు, ఓవర్‌లోడ్‌ది. గెయిన్ తగ్గించగానే సందేశాలు పెరిగితే అది ఖాయం. పక్క మేడ మీద మొబైల్ టవర్ ఉంటే దాని 935-960 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మన 1090కి దగ్గరే కాబట్టి ముందు దాన్నే అనుమానించాలి. మందు ఫిల్టర్. 2 డీబీ నష్టమున్న ఫిల్టర్‌ని ఎల్‌ఎన్‌ఏకి ముందు పెడితే ఆ 2 డీబీ పూర్తిగా మన నెత్తిన పడి మొత్తం 3.5 అవుతుంది. వెనక పెడితే 1.8 దగ్గరే ఆగుతుంది. అందుకని మొదట వెనక పెట్టి చూడండి, డాంగిల్ ఒక్కటే ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అది చాలు. ఎల్‌ఎన్‌ఏనే టవర్ దెబ్బ తింటుంటే మాత్రం ఫిల్టర్ ముందుకు రావాల్సిందే. 3.5 అయినా పాత 7.1 కంటే ఎంతో నయం.

రెండో ఎల్‌ఎన్‌ఏ కొనాలనిపిస్తే లెక్క చూసుకోండి. దాన్ని మొదటిదాని వెనకే చేర్చితే 1.5 కాస్తా 1.0 అవుతుంది. ఆ అర డీబీ కోసం డాంగిల్ మీద ఇంకో 20 డీబీ బరువు మోపినట్టు.