రాత్రి తిన్నాక ఛాతీలో మంట – నాలుగో పాఠం: సిరప్‌తో తగ్గితే గ్యాసేనా?

మూడో పాఠం చదివినవాళ్ల జవాబులు చూశాక ఈసారి మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెబుదామన్న ఆలోచన పక్కన పెట్టాను. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, ఎక్కడివాళ్లు రాసినా ఇంచుమించు ఒకటే మాట: "సార్, గ్యాస్ సిరప్ తాగితే పావుగంటల ఛాతీ మంట తగ్గింది. అంటే గుండెది కాదన్నట్టే గద?"

కాదన్నట్టు కాదు. ఈ పాఠమంతా దాని గురించే.

ముందు దిండ్ల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. మంచం తలవైపు ఎత్తు చేయమంటే చాలామంది మూడేసి దిండ్లు పేర్చారు. దిండ్లు పేరిస్తే ఒళ్లు నడుము దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, పుల్లనీళ్లు ఇంకా పైకి తన్నుతాయి. ఎత్తాల్సింది మంచాన్ని. తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలన్నది పాత మాటే. నేనైతే ఏడున్నరకల్లా రెండు జొన్నరొట్టెలతో ముగిస్తాను, దావత్‌కు పోయినా సరే. అందరికీ కుదరదని తెలుసు.

ఇక సిరప్. అది కడుపులోని ఆమ్లాన్ని విరుస్తుంది, అంతే. మంట ఆమ్లానిదైతే కొద్ది నిమిషాల్లో చల్లబడుతుంది. మూడో పాఠంలో చెప్పింది అంతవరకే. దాన్ని తిప్పి, సిరప్‌తో తగ్గిన ప్రతి మంటా ఆమ్లానిదే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

గుండెకు రక్తం తెచ్చే నాళం ఇరుకైన మనిషి మెట్లెక్కాడనుకోండి. గుండె ఎక్కువ పని చేయాలి, చాలినంత రక్తం అందదు, ఛాతీ పట్టేస్తుంది. దీన్నే ఆంజైనా అంటారు. అప్పుడు ఆయన ఏం చేస్తాడు? ఆగుతాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, ఇంట్లోవాళ్లు సిరప్ సీసా తెస్తే రెండు మూతలు తాగుతాడు. ఐదు పది నిమిషాల్లో నొప్పి పోతుంది. పోగొట్టింది కూర్చోవడం, పేరు మాత్రం సిరప్‌కు వచ్చింది. సీసా తేకుండా కూర్చోబెట్టినా అంతే సేపట్లో తగ్గేది.

"తేన్పు వచ్చింది, హాయిగుంది" అనేదీ ఇలాంటి రుజువే. నొప్పితో, భయంతో ఉన్న మనిషి గాలి మింగుతాడు, మింగిన గాలి తేన్పుగా బయటికి వస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు కూడా తేన్పులు వస్తాయి, వాంతి వస్తుంది. గుండె కింది గోడకు దెబ్బ తగిలితే నొప్పి ఛాతీలో కాక బొడ్డుకు పైన, కడుపు నోటి దగ్గరే కనిపించవచ్చు.

పొరుగింటాయన ఇచ్చిన, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే బిళ్లతో తగ్గింది కాబట్టి గుండెదే అని తేల్చుకున్నవాళ్లూ ఉన్నారు. అదీ రుజువు కాదు. ఆ బిళ్ల గుండె నాళాలతో పాటు అన్నవాహిక కండరాన్నీ సడలిస్తుంది, కాబట్టి అన్నవాహిక పట్టేసినా దానితో తగ్గవచ్చు. పైగా బీపీని ఒక్కసారిగా దించుతుంది. మీ పేరు మీద డాక్టరు రాయనిదే దాన్ని నోట్లో పెట్టుకోవద్దు.

ఇంత గజిబిజి ఎందుకంటే, గుండె నుంచి వచ్చే నరాలూ అన్నవాహిక నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోట కలుస్తాయి. రెండిళ్లకు ఒకే మీటరు ఉన్నట్టు. కరెంటు ఏ ఇంట్లో కాలిందో మీటరు చూసి చెప్పలేం. మెదడు పరిస్థితీ అదే. అందుకే నొప్పి ఎక్కడుంది, మంటగా ఉందా బరువుగా ఉందా అన్నవాటి కన్నా, అది దేనితో మొదలైంది, దేనితో ఆగింది అన్నదానికే నేను ఎక్కువ విలువిస్తాను. వచ్చినవాళ్లను మొదట అడిగే ప్రశ్న కూడా అదే: పడుకుంటే పెరుగుతుందా, నడిస్తే పెరుగుతుందా?

ఒక కేసు చూద్దాం. మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా. 54 ఏళ్లు, షుగరు ఉంది, బీడీలు మానలేదు. మిల్లు నుంచి వచ్చి పదకొండుకు తింటారు, డాబా మీద పడుకుంటారు. మూడో పాఠంలో చెప్పినట్టు రోజూ ఒక కాగితం మీద రాసి పంపారు. పైన "సిరప్‌తో తగ్గుతోంది" అని పెద్దక్షరాలతో ఉంది. కింద ఉన్నది ఇది.

మొదటి రాత్రి కోడికూరతో కడుపునిండా తిన్నారు. చుట్టాలు రావడంతో కింద గదిలోనే వెంటనే పడుకున్నారు. మంట లేదు. మర్నాడు పచ్చిపులుసుతో నాలుగు ముద్దలే తిన్నారు. డాబా ఎక్కేసరికి ఛాతీ మధ్యలో మంట, కొంచెం బరువు. గోడ పట్టుకుని నిలబడి సిరప్ తాగారు, ఏడెనిమిది నిమిషాల్లో పోయింది. నాలుగో రోజు హాలియాలో దావత్, మటన్. ఫంక్షన్ హాలు నుంచి బండి దగ్గరికి నడుస్తుంటే వచ్చింది, బండి మీద కూర్చోగానే తేన్పు వచ్చి తగ్గింది. ఆరో రాత్రి మెట్లు సగం కూడా ఎక్కకముందే వచ్చింది, ఎడమ దవడ గుంజింది. "పన్ను నొప్పి వేరే" అని పక్కన రాసుకున్నారు. ఎనిమిదో రోజు పొద్దున్నే, టీ కూడా తాగకముందు, నీళ్ల బకెట్ మోస్తుంటే వచ్చింది.

సిరప్ మాట చెరిపేసి మళ్లీ చదవండి. కడుపునిండా తిని వెంటనే పడుకున్న రాత్రి, ఆమ్లం పైకి తన్నాల్సిన రాత్రి, ఏమీ లేదు. నాలుగు ముద్దలు తిని మెట్లెక్కిన రాత్రి వచ్చింది. చివరిసారి కడుపు ఖాళీ. కోడికూరా పచ్చిపులుసూ కాదు, ప్రతిసారీ ఉన్నది శ్రమ ఒక్కటే. తిన్న తర్వాతే ఎక్కువసార్లు రావడానికీ కారణం ఉంది. నిండా తిన్నాక కడుపు పేగులకు రక్తం ఎక్కువ కావాలి, గుండె మామూలు కన్నా ఎక్కువ కొట్టుకోవాలి. ఆ మీద మెట్లెక్కితే ఇరుకు నాళం తట్టుకోలేదు. కాబట్టి "తిన్నాకనే వస్తుంది, కడుపుదే" అన్న లెక్క కూడా తప్పుతుంది.

ఇంతకన్నా నన్ను కంగారు పెట్టింది ఇంకోటి. మొదట మెట్లన్నీ ఎక్కితే వచ్చేది, తర్వాత సగానికే వచ్చింది, ఆ తర్వాత బకెట్‌కే వచ్చింది. తక్కువ శ్రమకే వస్తూ పోతోందంటే నాళం మూసుకునే దారిలో ఉందన్న అనుమానం. తొమ్మిదో రోజు రాయాల్సిన పని లేదని ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో తీసిన మొదటి ఈసీజీ మామూలుగా ఉంది. ఆయన చెప్పులు వేసుకున్నారట. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుండటం ఆంజైనాలో మామూలే. గుండెపోటులో కూడా మొదటిది కొన్నిసార్లు మామూలుగానే వస్తుంది. అందుకే నొప్పి ఉన్నప్పుడో, కొంతసేపటికో మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. డాక్టరు ఆపి ఉంచారు. సాయంత్రం నొప్పి వచ్చినప్పుడు తీసిన ఈసీజీ మారింది. యాంజియోగ్రామ్‌లో గుండె ముందువైపు వెళ్లే నాళం చాలావరకు మూసుకుని కనిపించింది, స్టెంట్ వేశారు. పుల్లటి తేన్పులు ఇప్పటికీ ఉన్నాయట. ఉంటాయి. ఒకే మనిషికి రెండూ ఉండకూడదని ఎవరన్నారు?

దీనికి ఎదురు వనపర్తి నుంచి ఒక టీచరమ్మ రాసింది. పడుకున్న అరగంటకు మంట, గొంతులోకి పుల్లనీళ్లు, పొద్దున గొంతు బొంగురు. వంగి ఇల్లు ఊడిస్తే వస్తుంది, మూడో అంతస్తు ఎక్కినా రాదు. ఇటుకలు పెట్టాక చాలా తగ్గింది. ఇది ఆమ్లం దారి. ఆమె కూడా ముద్ద దిగడం కష్టమైనా, బరువు తగ్గినా, విరేచనం నల్లగా వచ్చినా ఎండోస్కోపీకి వెళ్లాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ కీళ్లనొప్పులకు రోజూ నొప్పి బిళ్లలు మింగేవాళ్లకు ఒక మాట. ఆ బిళ్లలు కడుపును కాలుస్తాయి, వాటిలో చాలావరకు గుండెకూ మంచివి కావు. ఆ మంటకు సిరప్ తాగే ముందు ఆ బిళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు ఆగకుండా కదలాల్సిన గుర్తులు. ఛాతీలో మంటో బరువో పట్టేసినట్టో ఉండి, చల్లచెమట పడితే, ఊపిరి ఆడకపోతే, దవడకో భుజానికో చేతికో వీపుకో పాకితే, కళ్లు తిరిగితే సిరప్ జోలికే పోవద్దు. ఇవేవీ లేకున్నా కూర్చున్నాక పది నిమిషాల్లో తగ్గకపోతే అంతే. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పి ఉండాల్సినంత ఉండకపోవచ్చు. తిన్నాక ఒక్కసారిగా ఆయాసం, చెమట, వాంతి, అంతుపట్టని నీరసం వస్తే వాళ్లకు అదే నొప్పి కింద లెక్క.

అప్పుడు 108కి ఫోన్ చేసి కూర్చోబెట్టండి. బైకు మీద మధ్యలో ఇరికించుకుని పోవద్దు, నడిపించవద్దు. ఆస్ప్రిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో రక్తస్రావం లేకపోతే, ఫోన్‌లో వాళ్లు సరే అంటే 300 లేదా 325 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ బిళ్ల నమలాలి, మింగడం కాదు. ఒళ్లునొప్పుల బిళ్లలన్నీ ఆస్ప్రిన్ కావు, పేరు చదవండి.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: ఏడు రాత్రులు గుమాస్తాగారిలాగే రాయండి. ఏం తిన్నారు, తిన్నాక ఏం చేశారు, మంట ఏ పనిలో మొదలైంది, ఏం చేస్తే ఆగింది. సిరప్ తాగితే అప్పుడు కూర్చున్నారా నిలబడ్డారా అన్నదీ రాయండి. పరీక్ష కోసమని కావాలని మెట్లెక్కవద్దు. నడకతో వస్తోందని ఇప్పటికే తెలిసినవాళ్లకు ఈ అభ్యాసం లేదు, రేపు పొద్దున్నే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ మధ్యే మొదలైనా, తక్కువ నడకకే వస్తున్నా, కూర్చున్నప్పుడు వస్తున్నా రేపటిదాకా కూడా వద్దు, ఈ రాత్రే.

రెండోది కష్టం, అయినా చేయాలి. పగటిపూట మీకు దగ్గరి ఆస్పత్రికి వెళ్లి మూడు విషయాలు అడగండి. రాత్రి ఒంటిగంటకు ఈసీజీ తీస్తారా? గుండె నాళంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇస్తారా? లేకపోతే ఎక్కడికి పంపుతారు, అక్కడికి ఎంతసేపు పడుతుంది? జవాబులు 108 నంబరుతో కలిపి ఒక కాగితం మీద రాసి, ఇంట్లో సిరప్ సీసా ఎక్కడుంటుందో ఆ గోడకే అంటించండి.