పెరుగు కేకులో వంట సోడా, బేకింగ్ పౌడర్: ఏది తేడా కొట్టిందో ఇలా పట్టుకోవచ్చు

గుడ్డు లేని పెరుగు కేక్ కొలతలు ఇవి: ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె, అర టీస్పూన్ వంట సోడా, ఒకటింపావు టీస్పూన్ బేకింగ్ పౌడర్. పెరుగు లేదని దాని బదులు పాలు పోస్తే మొదలవుతుంది తంటా.

సమస్య: సబ్బు రుచి, చేదు. పైభాగం బాగా ముదురు రంగు, లోపల పసుపు ఛాయ.

కారణం: సోడా క్షారం. పులుపు తగిలితేనే అది పూర్తిగా కరిగి గ్యాస్‌గా మారుతుంది. పాలలో ఆ పులుపు చాలదు. అప్పుడు ఓవెన్ వేడికి సోడా సగం గ్యాసే ఇచ్చి, మిగతాది సోడియం కార్బొనేట్‌గా కేకులోనే ఉండిపోతుంది. సబ్బు రుచి దానిదే. అనుమానం ఉంటే కేకు ముక్క మీద పసుపు కలిపిన నీళ్లు రెండు చుక్కలు వేయండి. ఎర్రబడితే సోడా మిగిలినట్టే.

పరిష్కారం: ఆ కేకును బాగుచేయలేం. మళ్లీ చేసేటప్పుడు పాలే వాడాలంటే సోడా మానేసి, బేకింగ్ పౌడర్‌ను ఒకటీముప్పావు టీస్పూన్లకు పెంచండి. ఈ పౌడర్‌లో సోడాతోపాటు దానికి సరిపడా పొడి ఆమ్లం కూడా ఉంటుంది కాబట్టి బయటి పులుపుతో పని లేదు. పాత కొలతలే ఉంచాలనుకుంటే, కప్పు పాలలో ఒక టేబుల్ స్పూన్ తీసేసి అంతే నిమ్మరసం గానీ వెనిగర్ గానీ కలిపి పది నిమిషాలు ఆగండి. పాలు కాస్త విరుగుతాయి, ఫర్వాలేదు.

సమస్య: పెరుగే వేశాం, అయినా పుల్లగా, పాలిపోయి వచ్చింది.

కారణం: సోడా మానేసి పౌడర్ ఒక్కటే వేయడం. పౌడర్‌లోని సోడా దాని సొంత ఆమ్లానికే సరిపోతుంది, పెరుగు పులుపు అలాగే మిగులుతుంది. పులుపు ఉన్నచోట పైభాగం త్వరగా ఎర్రగా కాలదు కూడా.

పరిష్కారం: పుల్లటి పెరుగు అర కప్పుకు పావు టీస్పూన్ సోడా లెక్క. నిన్న తోడుపెట్టిన కమ్మటి పెరుగైతే ఇంకాస్త తగ్గించాలి. నా మటుకు పుల్లటి పెరుగుకే ఓటు, లెక్క తప్పే భయం తక్కువ.

సమస్య: పొంగి, మధ్యలో కుంగింది.

గ్యాస్ ఎక్కువై, కేకు గట్టిపడేలోపే బుడగలు పగిలిపోతే ఇలా అవుతుంది. సోడా బదులు పౌడర్ వేసేటప్పుడు మూడు రెట్లు అంటారు. ఆ లెక్కన ఇక్కడ మొత్తం దాదాపు మూడు టీస్పూన్లవుతుంది, అది ఎక్కువ. కప్పు మైదాకు ఒకటి నుంచి ఒకటింపావు దాటనివ్వకండి.

సమస్య: అసలు పొంగలేదు.

సోడా పెరుగు తగలగానే పని మొదలుపెడుతుంది. అందుకే ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, కలిపిన పిండిని పక్కన పెట్టకూడదు. పాత పౌడర్‌ను వేడినీళ్లలో, సోడాను వెనిగర్‌లో వేసి చూడండి. వెంటనే జోరుగా నురగ రాకపోతే ఆ డబ్బా పారేయండి.