రాజీనామా ఉత్తరాలు – 4వ పాఠం: మిగిలిన సెలవుల లెక్క అడగడం

గత పాఠంలో రాజీనామా మెయిల్ రాసి, ఆఖరి పనిదినం ఖాయం చేయించుకున్నాం. ఈసారి వాడుకోని సెలవుల డబ్బు సంగతి. "లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ ఎంత వస్తుందండీ?" అని అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు "సెటిల్‌మెంట్‌లో చూస్తాం" అని ఊరుకుంటారు. మన లెక్క మనమే వేసి ముందు పెడితే అవునో కాదో చెప్పక తప్పదు.

మాదాపూర్‌లో పనిచేసే ఒకావిడ సెప్టెంబర్ 15న మానేస్తున్నారనుకుందాం. పోర్టల్‌లో ఆవిడకు 25 ఎర్న్‌డ్ లీవులు కనిపిస్తున్నాయి. అక్కడే చాలామంది బోల్తా పడతారు. చాలా కంపెనీలు ఏడాది సెలవులన్నీ జనవరిలోనే ఖాతాలో వేసేస్తాయి. ఆవిడకు పాతవి 14, కొత్తవి 18, వాడినవి 7, అందుకే 25. కానీ నెలకు ఒకటిన్నర చొప్పున ఎనిమిదిన్నర నెలలకు సంపాదించినవి 12.75 మాత్రమే. పాత 14 కలిపి 7 తీసేస్తే మిగిలేవి 19.75. క్యాజువల్, సిక్ లీవులకు మామూలుగా డబ్బు రాదు, వాటిని ఇందులో కలపకండి.

ఇక రోజు రేటు. బేసిక్ 31,200 అయితే 26తో భాగిస్తే 1,200, 30తో భాగిస్తే 1,040. నెలలో నాలుగు వారాంతపు సెలవులు తీసేస్తే మిగిలేదే ఆ 26. మొదటి లెక్కలో 23,700 రూపాయలు, రెండోదానిలో 20,540. ఏది వాడతారో, బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది కంపెనీ లీవ్ పాలసీలో ఉంటుంది. రాజీనామా పెట్టగానే ఆ కాగితం దించుకోండి, ఆఖరి రోజున లాగిన్ పోయాక దొరకదు.

మెయిల్ ఇలా రాయండి:

"నమస్కారం. నా ఆఖరి పనిదినం సెప్టెంబర్ 15. ఆ రోజుకు నా ఎర్న్‌డ్ లీవ్ నిల్వ 19.75 రోజులని నా లెక్క (పాతవి 14, ఈ ఏడాదివి 12.75, వాడినవి 7). పాలసీ ప్రకారం రోజు రేటు 31,200 ÷ 26 = 1,200 రూపాయలు, మొత్తం 23,700. ఇందులో తేడా ఉంటే ఏ అంకెలో ఉందో తెలపగలరు. నోటీసు పీరియడ్ కోత ఏమైనా ఉంటే విడి వరసలో చూపించండి. సొమ్ము ఏ తేదీన ఖాతాలో పడుతుందో కూడా రాయండి."

"త్వరగా ఇప్పించండి" అని రాయకండి, తేదీ అడగండి. నోటీసు కోత విడిగా చూపమన్నది కూడా అందుకే: రెండూ కలిపి ఒకే అంకె ఇస్తే ఏది తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

పన్ను గురించి ఒక్క మాట. ప్రైవేటు ఉద్యోగి మానేసేటప్పుడు వచ్చే ఈ సొమ్ముకు, నిబంధనల్లోని ఇతర పరిమితులకు లోబడి, జీవితకాలం మొత్తం మీద 25 లక్షల వరకు మినహాయింపు ఉంది. టీడీఎస్ పట్టుకుంటే కారణం అడగండి.

అభ్యాసం: బేసిక్ 39,000, పాతవి 6, నెలకు 1.5, వాడినవి 4, ఆఖరి రోజు జూన్ 30. భాజకం 26. మెయిల్ రాయండి. మీ మొత్తం 16,500 రావాలి.