చేతిలో డబ్బు ఆడనప్పుడు హెల్త్ పాలసీ ప్రీమియం వాయిదాల్లో కట్టడం ఎలా?

మా బావగారిది ఎరువులు, విత్తనాల దుకాణం. జూన్, జులైలో సరుకంతా రైతులకు ఖాతా మీద వెళ్ళిపోతుంది. ఆ డబ్బు తిరిగొచ్చేది వరి కోతలయ్యాక, సంక్రాంతికి అటూ ఇటూ. ఇంటిల్లిపాదికీ ఉన్న హెల్త్ పాలసీ రెన్యువల్ మాత్రం సరిగ్గా జులై 20న వస్తుంది. ప్రీమియం 36,000 రూపాయలు. "గడువు దాటినా నెల టైముంటుందిగా, ఆగస్టులో కడతాలే" అన్నారాయన. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉన్న మాట నిజమే. ఆలోపు కడితే పాలసీ పాతదిగానే కొనసాగుతుంది, కొన్ని జబ్బులకు కవరేజీ మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్‌లు మళ్ళీ మొదటికి రావు. కానీ పాలసీ ముగిసిన రోజు నుంచి డబ్బు కట్టే రోజు దాకా మధ్యలో ఆస్పత్రి పాలైతే ఆ ఖర్చు మనదే. అదే వాయిదాల పద్ధతిలో ఉంటే, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నిబంధనల ప్రకారం, వాయిదా గ్రేస్ పీరియడ్‌లో కూడా కవరేజీ ఉంటుంది. నెలవారీ వాయిదాకు 15 రోజులు, మూడు నెలల, ఆరు నెలల వాయిదాలకు 30 రోజులు ఇస్తారు. అందుకే డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్ళు గ్రేస్ పీరియడ్‌ని అప్పులా వాడుకోకుండా, వాయిదాలు అడగడం మేలు.

ముందు పాలసీ కాగితాలు చూడండి

కంపెనీ మన వ్యాపారం ఎలా ఉందో చూసి వాయిదాలు ఇవ్వదు. ఆ పాలసీకి వాయిదాల పద్ధతి ఉందా లేదా అన్నదొక్కటే లెక్క. పాలసీ నిబంధనల్లో ప్రీమియం చెల్లింపు గురించి రాసిన చోట నెలవారీ, మూడు నెలలకు, ఆరు నెలలకు అన్న మాటలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే ధైర్యంగా అడగొచ్చు. లేకపోతే ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

రెన్యువల్‌కి నెల ముందే రాతపూర్వకంగా అడగండి

ఏడాదికని కట్టేశాక మధ్యలో మార్చడం మామూలుగా కుదరదు. ఏజెంట్‌కి ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, పాలసీలో నమోదైన మెయిల్ నుంచి కంపెనీకి రాయండి. బావగారి చేత ఇలా రాయించాను:

"నా పాలసీ జులై 20న రెన్యువల్‌కి వస్తోంది. వ్యాపారంలో వసూళ్ళు జనవరికి గానీ రావు కాబట్టి ఈసారి మూడు నెలలకోసారి వాయిదాల్లో కట్టాలనుకుంటున్నాను. ఒక్కో వాయిదా ఎంత, ఏయే తేదీల్లో కట్టాలి, ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది, మధ్యలో క్లెయిమ్ వస్తే మిగతా వాయిదాల సంగతేమిటి అన్నవి రాతపూర్వకంగా తెలపండి."

ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి. జవాబు రావడం ఆలస్యమైతే మళ్ళీ గుర్తుచేయండి, గడువు తేదీ మాత్రం దాటనివ్వకండి.

లెక్క వేసుకోండి

వాయిదాలకు కొంత అదనం పడొచ్చు. ఉదాహరణకు 3 శాతం అనుకుందాం. 36,000 కాస్తా 37,080 అవుతుంది, అంటే నాలుగు వాయిదాలు, ఒక్కోటి 9,270. జులై 20, అక్టోబర్ 20, జనవరి 20, ఏప్రిల్ 20. వెయ్యి రూపాయల పైచిలుకు ఎక్కువే, కానీ అదే 36,000 బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆరు నెలలకు తీరిస్తే వడ్డీయే 4,320. ఆరు నెలల వాయిదా వద్దన్నాను, జులైలోనే సగం కట్టాలి కాబట్టి.

ఆటో డెబిట్ పెడితే, సరుకు చెక్కులు పడే కరెంట్ అకౌంట్‌కి కాకుండా ఇంటి సేవింగ్స్ అకౌంట్‌కి పెట్టండి. అక్టోబర్‌లో డీలర్ చెక్కు ముందు పడి, వాయిదా బౌన్స్ అయితే బ్యాంకు ఛార్జీ వేస్తుంది. గ్రేస్ కూడా దాటితే పాలసీయే రద్దవుతుంది.

దుకాణానికి చేయించే అగ్నిప్రమాదం, దొంగతనం పాలసీకి ఈ దారి ఉంటుందనుకోకండి. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీ రిస్కు తీసుకుంటుంది. చిన్న షాపుల పాలసీలకు సాధారణంగా మొత్తం ఒకేసారి కట్టాలి. "తర్వాత చూద్దాంలే, నేనున్నాగా" అన్న ఏజెంట్ మాట కవరేజీ కాదు.

క్లెయిమ్ వస్తే కోత ఉంటుంది

ఇది చాలామందికి ఆస్పత్రి కౌంటర్ దగ్గర తెలుస్తుంది. చాలా పాలసీల్లో క్లెయిమ్ రాగానే మిగిలిన వాయిదాలన్నీ వెంటనే కట్టాల్సినవి అవుతాయి, వాటిని క్లెయిమ్ డబ్బులోంచి మినహాయించుకుంటారు. ఆగస్టులో రెండు లక్షల క్లెయిమ్ మంజూరైతే, మిగిలిన మూడు వాయిదాల 27,810 పోను వచ్చేది 1,72,190. ఆ తేడా డిశ్చార్జ్ రోజున మన చేతి నుంచి కట్టాలి. బావగారు మొదటి వాయిదా కట్టిన రోజే అక్కయ్య పేరున 28,000కి ఒక చిన్న చీటీ మొదలుపెట్టారు. సంక్రాంతి వసూళ్ళు వచ్చేదాకా అత్యవసరమైతే దాన్ని పాడుకోవాలని.